కిటికీ అద్దాల శుభ్రత: చారలు, వాటి కారణాలు, తుడిచే సాధనాలు

కిటికీ అద్దాన్ని తుడిచిన కాసేపటికి, ఎండ ఏటవాలుగా పడినప్పుడు కనిపించే తెల్లని గీతలనూ మసకనూ వాడుకలో చారలు అంటారు. తుడవకముందు ఉన్న మురికికి వీటితో సంబంధం తక్కువ. తుడవడానికి వాడిన నీరు, సబ్బు, గుడ్డ వదిలివెళ్లిన శేషమే ఎక్కువగా చారలై కనబడుతుంది. పాత వార్తాపత్రిక, మైక్రోఫైబర్ గుడ్డ, వెనిగర్ నీళ్లు అనే మూడింటిలో ఏది మేలన్న చర్చ ఇళ్లలో తరచూ వినిపిస్తుంది గానీ, ఆ మూడూ ఒకే పని చేసేవి కావు. వెనిగర్ ఒక రకం మరకను కరిగించే ద్రవం. కాగితం, గుడ్డ ఆ ద్రవాన్ని అద్దం మీద నుంచి ఎత్తేసే సాధనాలు. తెలుగు రాష్ట్రాల్లో బోరు నీటి మీద ఆధారపడిన ఇళ్లలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి, ఈ వ్యాసంలో అలాంటి ఇంటి కిటికీనే ఉదాహరణగా తీసుకున్నాం.

చార ఎలా ఏర్పడుతుంది

నీరు ఆరితే ఆవిరయ్యేది నీరు మాత్రమే. అందులో కరిగి ఉన్న లవణాలు ఎక్కడివక్కడే మిగిలిపోతాయి. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు ఎక్కువగా ఉంటాయి. అలాంటి నీరు ఆరేటప్పుడు బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. కుళాయి మూతుల దగ్గర, గీజరు లోపల గట్టిగా పేరుకునే తెల్లటి పదార్థంలో ముఖ్యభాగం ఇదే. అద్దం మీద అది పలచని పొరగా ఉంటుంది, అంతే.

దీన్ని లెక్కగట్టి చూడవచ్చు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం, కరిగి ఉన్న మొత్తం ఘనపదార్థాలు (టీడీఎస్) లీటరుకు 500 మి.గ్రా. లోపు ఉండటం మంచిది. వేరే నీటి వనరు లేనప్పుడు 2000 మి.గ్రా. వరకు అనుమతిస్తారు. టీడీఎస్ 1000 ఉన్న బోరు నీటినే తీసుకుందాం. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న ఒక అద్దం పలకను తడిగుడ్డతో తుడిచి వదిలేస్తే దాని మీద 10 మి.లీ. నీరు మిగిలిందనుకుంటే, అది ఆరిన తర్వాత 10 మి.గ్రా. లవణం మిగులుతుంది. అదే పనిని టీడీఎస్ 30 ఉన్న నీటితో చేస్తే మిగిలేది 0.3 మి.గ్రా. మాత్రమే.

పది మిల్లీగ్రాములు చిటికెడు కూడా కాదు. అద్దమంతా సమానంగా పరుచుకుంటే కంటికి అంతగా ఆనేది కాదేమో. కానీ అది అలా పరుచుకోదు. ఒక నీటి చుక్క ఆరేటప్పుడు దాని అంచుల దగ్గర ఆవిరి వేగంగా పోతుంది. ఆ లోటు తీర్చడానికి మధ్యలోని నీరు అంచువైపు ప్రవహిస్తూ, తనలో ఉన్నదంతా అక్కడికి మోసుకుపోతుంది. కాఫీ ఒలికి ఆరిన చోట అంచున ముదురు వలయం ఏర్పడటానికి కారణం ఇదేనని 1997లో షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వివరించారు. గుడ్డ వెళ్లిన దారిలో సన్నని ధారలుగా మిగిలిన నీటికీ ఇదే జరుగుతుంది. లవణం ధార అంచులకు చేరి గీతలా కడుతుంది.

రెండో కారణం సబ్బు. అద్దానికి నురగ వచ్చేంత సబ్బు అవసరం లేదు. అరలీటరు నీటికి గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు చాలు. అంతకు మించితే మిగిలిన సబ్బు పొర ఆరి, ఇంద్రధనుస్సు రంగుల మసకగా కనబడుతుంది. గిన్నెలు తోమే సబ్బు బిళ్లను అసలు వాడకూడదు. అందులో కలిపే ఖనిజపు పొడి తెల్లటి చారలు మిగులుస్తుంది. మూడో కారణం జిడ్డు. వంటింటి కిటికీ మీద పోపు ఆవిరితో వచ్చి అతుక్కున్న నూనె వట్టి నీటితో కదలదు. గుడ్డతో రుద్దినకొద్దీ ఒకచోటి నుంచి మరోచోటికి పాకుతుంది.

వీటన్నిటికీ ఎండ తోడవుతుంది. వేడెక్కిన అద్దం మీద చల్లిన నీరు తుడిచేలోపే ఆరిపోతుంది కాబట్టి, నేరుగా ఎండపడుతున్న కిటికీని ఎంత మంచి గుడ్డతో తుడిచినా చారలు తప్పవు. తూర్పు కిటికీలను సాయంత్రం, పడమటి కిటికీలను ఉదయం తుడవాలి.

ఏ నీటితో కడగాలి

ఎత్తయిన భవనాల అద్దాలు కడిగే కొన్ని కంపెనీలు లవణాలు పూర్తిగా తీసేసిన నీటిని పొడవాటి కర్రకు అమర్చిన బ్రష్షు గుండా చిమ్మి, రుద్ది, కడిగి అలాగే వదిలేస్తాయి. గుడ్డ పెట్టరు, కాగితం పెట్టరు. అయినా చార పడదు, ఎందుకంటే ఆ నీరు ఆరిన తర్వాత మిగలడానికి అందులో ఏమీ లేదు. సాధనాల గురించి ఎంత వాదించుకున్నా, నీటి గురించి ముందు ఆలోచించాలని ఈ ఒక్క పద్ధతి చూస్తే అర్థమవుతుంది.

ఇంట్లో అలాంటి నీటికి దగ్గరగా ఉండేది ఏసీ నుంచి కారే నీరు. గాలిలోని తేమ చల్లని తీగచుట్ట మీద పేరుకుని కారేది కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. ఏసీలో చేరిన దుమ్ము కలిసి రావచ్చు కనుక పలచని బట్టతో వడకట్టి, పట్టిన రోజునే వాడితే సరి. ఆర్వో యంత్రం ఇచ్చే తాగునీరు కూడా ఈ పనికి బాగుంటుంది. అయితే ఆర్వో బయటికి వదిలే వృథా నీటిని పొదుపు పేరుతో అద్దాలకు వాడటం తగదు. యంత్రం తీసేసిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి, కాబట్టి అది బోరు నీటికన్నా చిక్కన. నేల కడగడానికో బాత్రూముకో పనికొస్తుంది గానీ అద్దానికి పనికిరాదు. హైదరాబాదులో మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే ఇళ్లలో కుళాయి నీరే చాలావరకు సరిపోతుంది.

వెనిగర్: దేనికి, దేనికి కాదు

దుకాణంలో దొరికే తెల్ల వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం నాలుగైదు శాతం ఉంటుంది. అది కాల్షియం కార్బొనేట్‌తో కలిస్తే బొగ్గుపులుసు వాయువు విడుదలై, నీటిలో తేలిగ్గా కరిగే కాల్షియం ఎసిటేట్ ఏర్పడుతుంది. గట్టిగా పట్టిన తెల్లపొర ఇలా కరిగి, తుడిస్తే పోతుంది. వెనిగర్‌కున్న మరో సుగుణం, అది తానుగా ఏ శేషమూ మిగల్చకుండా ఆవిరైపోవడం. నిమ్మ ఉప్పు అని అమ్మే సిట్రిక్ ఆమ్లం కూడా సున్నాన్ని కరిగిస్తుంది గానీ ఆవిరి కాదు కనుక, దాని తర్వాత మంచి నీటితో మళ్లీ కడగాల్సిందే. నిమ్మచెక్కతో రుద్దితే రసంలోని చక్కెరా గుజ్జూ అంటుకుని పని రెట్టింపవుతుంది. ఇదే కారణంగా గోధుమ రంగు వెనిగర్లు, యాపిల్ వెనిగర్ కూడా అద్దాలకు వద్దు.

పొరపాటు ఎక్కువగా జరిగేది వెనిగర్‌ను బోరు నీటిలో కలిపి చల్లడంలో. వెనిగర్ కలిపినంత మాత్రాన ఆ నీటిలోని కాల్షియం ఎక్కడికీ పోదు. కార్బొనేట్‌గా మిగలాల్సింది ఎసిటేట్‌గా మిగులుతుంది. తూకంలో చూస్తే 100 పాళ్ల కార్బొనేట్‌కు బదులు 158 పాళ్ల ఎసిటేట్ వస్తుంది. అది తర్వాతి తుడుపుకు సులువుగా పోతుందన్న మాట నిజమే గానీ, అద్దం మీదే ఆరనిస్తే చార చారే. వెనిగర్ పలచన చేయడానికి ఏసీ నీరో ఆర్వో నీరో వాడాలని చెప్పడం ఇందుకే.

ఎంత కలపాలన్నది మరకను బట్టి ఉంటుంది. మామూలుగా నెలకో రెండు నెలలకో తుడిచే అద్దానికి నాలుగు పాళ్ల నీటికి ఒక పాలు వెనిగర్ చాలు. తెల్లటి చుక్కలు కనబడుతున్న చోట సగానికి సగం కలపాలి. అంతకన్నా ఘాటుగా వాడటం వల్ల లాభం తక్కువ. పైన చెప్పుకున్న 10 మి.గ్రా. పొర పూర్తిగా కాల్షియం కార్బొనేటే అనుకున్నా, దాన్ని కరిగించడానికి కావలసిన ఆమ్లం 12 మి.గ్రా. ఐదు శాతం వెనిగర్ పావు మి.లీ.లో అంత ఆమ్లం ఉంటుంది. అంటే ఇక్కడ కొరత ఆమ్లానిది కాదు, సమయానిది. నిలువుగా ఉన్న అద్దం మీద చల్లిన ద్రవం క్షణాల్లో కిందికి జారిపోతుంది. అందుకే మొండి చుక్కల మీద ద్రవంలో తడిపిన గుడ్డముక్కనో పేపర్ టవల్‌నో అతికించి, అది ఆరకుండా మధ్యలో మళ్లీ తడుపుతూ పది పదిహేను నిమిషాలు ఉంచాలి. ఆ తర్వాత గట్టిగా రుద్దాల్సిన పని ఉండదు.

జిడ్డు విషయంలో వెనిగర్ చేయగలిగింది తక్కువ. వంటింటి కిటికీకి ముందు సబ్బు చుక్క వేసిన గోరువెచ్చని నీరు, ఆ తర్వాతే వెనిగర్. విశాఖపట్నం లాంటి సముద్రతీర పట్టణాల్లో కిటికీ మీద పేరుకునే మసకలో చాలా భాగం మామూలు ఉప్పు. దానికి వెనిగర్ అక్కర్లేదు, మంచి నీటితో కడిగితే కరిగిపోతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక పొడిగుడ్డతో తుడిస్తే మాత్రం అలికినట్టవుతుంది.

కిటికీ గడపను కూడా చూసుకోవాలి. పాలరాయి, తాండూరు బండ, బేతంచెర్ల బండ సున్నపురాయి జాతివి. వెనిగర్ చుక్క పడి కాసేపు నిలిస్తే అక్కడ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ తుడిస్తే పోయేది కాదు, రాయిని మళ్లీ పాలిష్ చేయించాలి. గ్రానైటు గడపకు ఆ భయం చాలా తక్కువ. ఏ గడపైనా పాత తువ్వాలు పరిచి పని మొదలుపెట్టడం మంచిది. బ్లీచింగ్ ద్రవంతో వెనిగర్ ఎప్పుడూ కలవకూడదు. విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

వార్తాపత్రిక

పత్రిక ముద్రణకు వాడే న్యూస్‌ప్రింట్ చవక కాగితం. రాత కాగితానికి పూసినట్టు దాని మీద నీటిని ఆపే పూత ఉండదు, కనుక నీటిని చటుక్కున పీలుస్తుంది. కొత్త నూలు గుడ్డలా నూగు రాల్చదు. చారలేని మెరుపు కోసం కావలసిన రెండు గుణాలూ అలా ఒక రోజు పాత పత్రికలో, ఖర్చు లేకుండా దొరికాయి. మైక్రోఫైబర్ రాకముందు దానికి అంత పేరు రావడంలో ఆశ్చర్యం లేదు. ముద్రణ సిరాలోని మసి అద్దానికి పాలిష్ పెడుతుందని చాలామంది చెబుతారు. మెరుపులో అసలు వాటా పీల్చుకునే కాగితానిదేననడం సబబు.

అయితే సిరాకు ఒక చిక్కు ఉంది. దినపత్రికల నల్లసిరా మసినీ నూనెనూ కలిపి చేసేది. అది గట్టిగా ఎండిపోదు, నూనె కాగితంలోకి ఇంకడం వల్ల పొడిగా అనిపిస్తుంది, అంతే. తడిసిన పత్రికతో రుద్దితే చేతులు నల్లబడటానికి కారణం అదే. పత్రికల్లో తినుబండారాలు చుట్టవద్దని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లోనూ 2023లోనూ హెచ్చరించింది కూడా ఈ సిరా గురించే. అద్దానికి ఆ మసి అంటదు గానీ, తెల్లటి యూపీవీసీ చట్రానికి, అంచున ఉన్న రబ్బరు పట్టీకి, సున్నం వేసిన గోడకు అంటుతుంది. వాటి మీద నుంచి వదిలించడం అద్దం తుడవడం కన్నా పెద్ద పని.

పత్రికను వాడదలిస్తే నలుపు తెలుపు లోపలి పేజీలు తీసుకోవాలి. ఆదివారం అనుబంధాల నునుపు కాగితం నీటిని పీల్చదు, అద్దం మీద జారుతుంది. ద్రవాన్ని అద్దం మీద చల్లి, ముందు గుడ్డతో మురికి తీసేసి, మిగిలిన తడిని ఆర్పడానికి మాత్రమే నలిపిన కాగితం వాడాలి. నానిన కాగితం పిప్పిలా విడిపోతుంది, అంతకుముందే దాన్ని పారేసి మరొకటి తీసుకోవాలి. మురికి తీయడం నుంచి మెరుపు దాకా అన్నీ పత్రికతోనే చేయబోతే రెండు కిటికీలకే కట్ట అయిపోతుంది.

మైక్రోఫైబర్ గుడ్డ

మైక్రోఫైబర్ అంటే పాలియెస్టర్, నైలాన్ కలిపి తీసిన అతి సన్నని పోగు. 9000 మీటర్ల పోగు తూకం ఒక గ్రాముకు మించదు. శుభ్రపరిచే గుడ్డల్లో పాలియెస్టర్ 80 శాతం, నైలాన్ 20 శాతం ఉండటం మామూలు. ఈ సన్నదనం 1970 ప్రాంతంలో జపాన్‌కు చెందిన టోరే కంపెనీ కృత్రిమ తోలు కోసం సాధించింది. తుడిచే గుడ్డలుగా ఇవి తర్వాతి దశాబ్దాల్లో వ్యాపించాయి.

గుడ్డ పనితనమంతా పోగును నిలువునా చీల్చడంలో ఉంది. చీల్చిన పోగుకు కోసైన అంచులూ, మధ్యలో సన్నని సందులూ ఏర్పడతాయి. అంచులు జిడ్డును గీకుతాయి, సందులు నీటిని లాక్కుంటాయి. చీల్చని చవక గుడ్డల మీద కూడా మైక్రోఫైబర్ అనే రాసి ఉంటుంది. పొడి చేతివేళ్లను గుడ్డ మీద నెమ్మదిగా జరిపితే చీల్చిన పోగు చర్మపు గరుకును పట్టుకున్నట్టు తగులుతుంది. బల్ల మీద కొంచెం నీళ్లు పోసి గుడ్డను నెడితే మంచిది పీల్చేస్తుంది, నాసిరకం నీటిని ముందుకు తోస్తుంది. అద్దానికి బొచ్చు లేని, చదునుగా నేసిన గుడ్డ కావాలి. బొచ్చు గుడ్డ మురికి తీయడానికి బాగుంటుంది.

ఇది పాడయ్యేది ఎక్కువగా ఉతుకుడులోనే. బట్టలు మెత్తబరిచే ద్రవం పోగుల సందులను మైనంలా పూడ్చి, ఆ తర్వాత అద్దం మీద అలికినట్టు మసక మిగులుస్తుంది. నూలు తువ్వాళ్లతో కలిపి ఉతికితే వాటి నూగంతా దీనికి అంటుకుంటుంది. బాగా మరిగే నీరు, ఇస్త్రీ, బ్లీచింగ్ కూడా పోగును దెబ్బతీస్తాయి. కొద్దిపాటి డిటర్జెంటుతో విడిగా ఉతికి నీడన ఆరేస్తే ఏళ్ల తరబడి మన్నుతుంది. ఉతికినప్పుడల్లా సన్నని ప్లాస్టిక్ పోగులు నీటిలో కలుస్తాయన్నది దీనిపై ఉన్న సరైన అభ్యంతరమే. అది పట్టించుకునేవారికి పాత నూలు పంచె ముక్క మంచి ప్రత్యామ్నాయం. ఎన్నోసార్లు ఉతకడం వల్ల దానికి రాలే నూగు మిగలదు.

బోరు నీటి ఇంట్లో ఒక కిటికీ

రెండు పలకల స్లైడింగ్ కిటికీ, ఒక్కో పలక రెండడుగులు బై నాలుగడుగులు, బయట దోమల జాలీ, కింద బేతంచెర్ల బండ. వర్షాకాలం తర్వాత బయటి వైపు దుమ్ము చారలు, కింది మూలలో మొక్కల కుండీకి నీళ్లు పోసినప్పుడు చిందిన తెల్ల చుక్కలు ఉన్నాయనుకుందాం.

ముందు జాలీనీ, కింది పట్టాల్లోని మట్టినీ పొడిబ్రష్షుతో దులపాలి. ఇది వదిలేస్తే తర్వాత నీళ్లు తగిలి ఆ బురదంతా శుభ్రమైన అద్దం మీదికి వస్తుంది. అద్దం మీది దుమ్మును కూడా మెత్తని బ్రష్షుతో పొడిగానే తీసేయాలి. ఆ దుమ్ములోని ఇసుక రేణువులు గాజుకన్నా గట్టివి. గుడ్డ కింద ఇరుక్కుంటే గీతలు పడతాయి, ఆ గీతలు శాశ్వతం.

బండ మీద తువ్వాలు పరిచాక, మూలలోని తెల్ల చుక్కల మీద సగం వెనిగర్ కలిపిన నీటిలో తడిపిన గుడ్డను అతికించి ఉంచాలి. ఈలోగా అరలీటరు ఆర్వో నీటిలో రెండు చుక్కల గిన్నెల ద్రవం వేసి, బొచ్చు గుడ్డను అందులో ముంచి పిండి, పలకంతా పైనుంచి కిందికి తుడవాలి. మంచి నీటిలో పిండిన గుడ్డతో మరోసారి తుడిచి సబ్బు తీసేయాలి. పావుగంటకు మూలలోని గుడ్డ తీసి, అక్కడా కడిగేయాలి. చివరగా నాలుగు పాళ్లకు ఒక పాలు వెనిగర్ ఉన్న ద్రవాన్ని పలకకు ఐదారు పిచికారీలు మాత్రమే కొట్టి, చదునైన పొడి మైక్రోఫైబర్‌ను నాలుగు మడతలు వేసి ఆరిపోయేదాకా తుడవాలి. గుడ్డ చేతికి తడిగా తగిలితే మడత మార్చాలి. చారలు తేలేది ఇక్కడే: తడిసిన గుడ్డ నీటిని ఎత్తదు, పరుస్తుంది.

లోపలివైపు నిలువుగా, బయటివైపు అడ్డంగా తుడవడం ఒక చిన్న ఉపాయం. తర్వాత చార కనబడితే అది ఏ వైపుదో దాని దిక్కే చెబుతుంది. పెద్ద కిటికీలకు రబ్బరు వైపర్ వీటన్నిటికన్నా మేలు. ఇప్పుడు వృత్తి పనివారు వాడే ఒంటి బ్లేడు ఇత్తడి వైపర్‌ను 1936లో కాలిఫోర్నియాలో స్థిరపడిన ఇటలీవాడు ఎటోరే స్టెకోనే రూపొందించాడు. అది నీటిని ఆరనివ్వకుండా ఒక్క లాగుడులో దించేస్తుంది, అంచుల్లో మిగిలిన తడికి మాత్రమే గుడ్డ అవసరమవుతుంది. ప్రతి లాగుడు తర్వాత బ్లేడు తుడుచుకోకపోతే మాత్రం అదీ గీత వదులుతుంది.

పని సరిగా జరిగిందో లేదో అద్దం మీద ఊపిరి వదిలి చూడవచ్చు. శుభ్రమైన చోట ఆవిరి సమానంగా పట్టి సమానంగా పోతుంది. జిడ్డో సబ్బో మిగిలిన చోట అది వేరేలా పట్టి, గుడ్డ తిరిగిన వంపులన్నీ కనబడతాయి. చీకటి పడ్డాక టార్చి వెలుగును అద్దం వెంట ఏటవాలుగా వేసినా ఇదే తెలుస్తుంది.

తుడిచినా పోని మసక

వెనిగర్ గుడ్డను రెండు మూడుసార్లు ఉంచినా చుక్క మారకపోతే అది కాల్షియం పొర కాకపోవచ్చు. కొన్ని బోరు నీళ్లలో సిలికా ఉంటుంది, దాన్ని వెనిగర్ కరిగించలేదు. నీరు ఏళ్ల తరబడి అదే చోట నిలిచి ఆరుతూ ఉంటే గాజు పైపొరే దెబ్బతిని గుల్లబారుతుంది. గోరు జరిపి చూస్తే పొర గోరుకు తగలాలి. ఏమీ తగలకుండా మసక మాత్రం కనబడుతుంటే అది గాజు లోపమే. అలాంటి అద్దాన్ని సీరియం ఆక్సైడ్ ముద్దతో పాలిష్ చేయించడమో, పలక మార్చడమో తప్ప ఇంట్లో చేయగలిగింది లేదు. సిమెంటు చిందిన అద్దాన్ని ఆరకముందే కడగాలి. ఆరిన తర్వాత బ్లేడుతో గీకితే, ముఖ్యంగా టఫెన్డ్ గాజు మీద, పొడవాటి గీతలు పడే అవకాశం ఉంది.

ఎండ తగ్గించే ఫిల్మ్ అతికించిన కిటికీల్లో ఫిల్మ్ ఉన్న వైపు తుడిచేది గాజును కాదు, ప్లాస్టిక్‌ను. దానికి అమ్మోనియా ఉన్న ద్రవాలు, బ్లేడు పనికిరావు. పత్రికా వద్దు. కొత్తగా అతికించిన ఫిల్మ్‌ను, జిగురు పూర్తిగా ఆరేందుకు, నెల రోజుల వరకు తడపకూడదు. ఆ తర్వాత కూడా సబ్బు చుక్క కలిపిన మెత్తని నీరు, శుభ్రంగా ఉతికిన మైక్రోఫైబర్ చాలు.